ముఖమొకరిది, మేనొకరిది

మయన్మార్ దేశంలో 2021 ఫిబ్రవరి 1వ తేదీన సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నది. ఆ దేశపు అతి పెద్ద నగరం యాంగాన్. కోస్తా తెలుగువారు ఒకప్పుడు ఓడలెక్కి పొట్ట చేత పట్టుకుని వెళ్ళి, "రంగం" అని పిలుచుకున్న రంగూను నగరమే అది. యాంగాన్ ప్రాంతానికి అంతవరకు ముఖ్యమంత్రిగా ఉండిన ప్యో మిన్ తెయిన్ కూడా సైన్యపు నిర్బంధంలో పడ్డాడు. మార్చి 23న సైన్యం ఒక వీడియోను ప్రదర్శించింది. సైన్యానికే చెందిన మ్యావడీ టెలివిజన్ దానిని ప్రసారం చేసింది. అందులో ప్యో మిన్ తెయిన్ కనిపించి, తాను ఆంగ్ సాన్ సూచీకి డబ్బు, బంగారం ఇచ్చానని చెప్పాడు. సైన్యం చెప్పిన లెక్క ప్రకారం ఆ సొత్తు 6 లక్షల అమెరికా డాలర్లు, 11 కిలోలకు పైగా బంగారం.

దేశ ప్రజలలో చాలామంది ఆ మాటలను నమ్మలేదు. అది వింత కాదు. చెరలో ఉన్న మనిషి చేత చెరపెట్టినవారు పలికించిన మాటలకు విలువ ఎంత? అయితే ఆ అపనమ్మకం అక్కడితో ఆగలేదు. మాటలనే కాదు, ముఖాన్ని కూడా జనం నమ్మలేదు. ఆ గొంతు ఆయనది కాదన్నారు. పెదవుల కదలిక పలుకులతో కలవటం లేదన్నారు. నోటి చుట్టూ మసకగా ఉన్నదన్నారు, ముఖం బిగుసుకుపోయినట్లున్నదన్నారు. ఇది యంత్రం అల్లిన ముఖం, అనగా "డీప్‌ఫేక్" అనే మాట క్షణాల్లో వ్యాపించింది. కొందరు ఆ వీడియోను ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే నకిలీ వీడియోల పరీక్షకు పెట్టారు. 90 శాతానికి పైగా నమ్మకంతో ఇది నకిలీ అని ఆ పరీక్ష తేల్చింది. ఆ ఫలితపు తెరబొమ్మలు చేతులు మారుతూ ఊరంతా తిరిగినవి.

ఆ పరీక్ష చెప్పినది నిజమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తే ముందు మరొక సంగతి తేల్చుకోవాలి. ఒక బొమ్మలో కనిపించే ముఖానికీ, దాని కింద రాసిన పేరుకూ మధ్య ఉన్న ముడి ఎటువంటిది? అది ఎక్కడ ఊడుతుంది? ఊడిందని ఎట్లా తెలుస్తుంది?

మనిషి కన్ను ఈ ముడిని ఎంత తేలికగా వేసుకుంటుందో చూపే ప్రయోగమొకటి 1996లో నేచర్ పత్రికలో వెలువడింది. చేసినవారు పవన్ సిన్హా, తొమాసో పోజియో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, ఆయన వెనుక ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ నిలబడి ఉన్న ఛాయాచిత్రాన్ని వారు తీసుకున్నారు. గోర్ ముఖంలోని కళ్ళు, ముక్కు, నోరు తొలగించి, ఆ స్థానంలో క్లింటన్ కళ్ళు, ముక్కు, నోరు అతికించారు. జుట్టును, తల ఆకారాన్ని, భుజాలను మాత్రం గోర్‌వే ఉంచారు. చూసినవారికి ఏ తేడా తోచలేదు. ముందు క్లింటన్, వెనుక గోర్ అనే అనుకున్నారు. వెనుకనున్న మనిషి ముఖం నిజానికి క్లింటన్‌దే అయినా, గోర్ జుట్టు, గోర్ నిలబడే చోటు చూసి మనస్సు గోర్ అనే పేరును తగిలించింది. మనిషిని గుర్తు పట్టటంలో ముఖం పాత్ర ఎంతో, పరిసరాల పాత్ర, పూర్వజ్ఞానపు పాత్ర కూడా అంతే ఉన్నదన్న మాట. పేరు చెప్పి బొమ్మ చూపితే ఆ పేరుకు తగ్గ ముఖాన్నే కన్ను వెదుక్కుంటుంది.

సిన్హా, పోజియో చేతితో చేసిన అతుకు పనిని ఇరవై ఏళ్ళ తరువాత కంప్యూటర్ తానే చేయటం నేర్చింది. 2017 చివరలో "డీప్‌ఫేక్స్" అనే మారుపేరుతో ఒక వ్యక్తి ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోల నుంచే ఈ విద్యకు ఆ పేరు స్థిరపడింది. ఆ తొలి పద్ధతి వినటానికి వింతగా ఉంటుంది గాని అర్థం చేసుకోవటం కష్టం కాదు.

ఇద్దరు వ్యక్తులు ఉన్నారనుకుందాం. ఒకరి వీడియోను మోసగాడు తీసుకుంటాడు; ఆ వ్యక్తిని "వాహకుడు" అందాం. మరొకరి ముఖాన్ని దానిమీద ఎక్కిస్తాడు. ఆ వ్యక్తిని "ముఖదాత" అందాం, దానం ఇష్టపూర్వకం కాకపోయినా. ఇద్దరి ముఖాల బొమ్మలు వేలకొద్దీ కంప్యూటర్‌కు చూపుతారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఎన్‌కోడర్ అనే ఒక భాగం ఉంటుంది. ముఖాన్ని చూసి అది ఎటు తిరిగి ఉన్నది, నోరెంత తెరిచి ఉన్నది, కళ్ళు మూసి ఉన్నవా, వెలుతురు ఏ వైపు నుంచి పడుతున్నది అనే సారాన్ని క్లుప్తంగా సంఖ్యలుగా మార్చటం దాని పని. ఆ సంఖ్యల నుంచి ముఖాన్ని తిరిగి గీసే డీకోడర్లు మాత్రం రెండు. ఒకటి వాహకుడి ముఖమే గీయటం నేర్చింది, మరొకటి ముఖదాత ముఖమే గీయటం నేర్చింది. ఇద్దరు చిత్రకారులకు ఒకే వర్ణన వినిపించినట్లు. శిక్షణ ముగిసిన తరువాత వాహకుడి ముఖపు వర్ణనను ముఖదాత చిత్రకారుడి చేతికి ఇస్తారు. వాహకుడు నవ్విన చోట ముఖదాత నవ్వుతాడు, వాహకుడు తల తిప్పిన చోట ముఖదాత తల తిప్పుతాడు. ముఖదాత ఎన్నడూ చేయని పని చేసినట్లు బొమ్మ తయారవుతుంది.

తరువాతి కాలంలో వచ్చిన పద్ధతులకు అంత శ్రమ కూడా అక్కరలేదు. ముఖదాత ఫోటో ఒక్కటి చాలు. ముఖాలను గుర్తు పట్టే సాఫ్ట్‌వేర్ ఏ ముఖాన్నైనా సంఖ్యల మాలగా మారుస్తుంది; అందులో తరచు 512 సంఖ్యలు ఉంటాయి. ఒకే మనిషి ఫోటోలకు వచ్చే మాలలు ఒకదానికొకటి దగ్గరగా, వేర్వేరు మనుషులవి దూరంగా ఉండేట్లు దానికి శిక్షణ ఇస్తారు. ముఖమార్పిడి యంత్రం ముఖదాత ఫోటో నుంచి ఈ మాలను తీసుకుని, వాహకుడి ముఖపు భంగిమను, వెలుతురును అట్లాగే ఉంచి, గుర్తింపును మాత్రం మార్చివేస్తుంది. తాను గీసిన ముఖపు మాల ముఖదాత మాలకు ఎంత దగ్గరగా వస్తే అంత చక్కగా గీసినట్లు లెక్క.

ఇక్కడొక చిక్కు ఉన్నది, దానిని చాలామంది గమనించరు. "ముఖ పరీక్ష చేయించాము, ఇది ఫలానా వ్యక్తి ముఖమేనని సాఫ్ట్‌వేర్ చెప్పింది" అని ఎవరైనా అన్నారనుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ ఏ కొలతతో చూస్తుందో, నకిలీ ముఖాన్ని అదే తరహా కొలతకు సరిపోయేట్లు తయారు చేశారు. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి వచ్చిన మార్కులు ఎటువంటివో, ముఖం సరిపోయిందన్న ఆ సాక్ష్యమూ అటువంటిదే. నకిలీ ఎంత బాగా కుదిరితే ముఖం పేరుగల వ్యక్తిని అంతగా పోలుతుంది. కనుక పోలిక ఒక్కటే దేనినీ రుజువు చేయదు. సాక్ష్యం కోసం ముఖాన్ని వదిలి, యంత్రం ముట్టని చోట్లను చూడాలి.

ఆ చోట్లు ఎన్నో ఉన్నవి. సాధారణంగా యంత్రం కనుబొమల నుంచి గడ్డం దాకా ఉన్న భాగాన్నే మారుస్తుంది. మార్చిన భాగం చుట్టూ అంచును మెత్తగా చెరిపి, రంగు సరిపోల్చి వాహకుడి తలమీద అతుకుతుంది. చెవులు, జుట్టు మొదలు, మెడ, చేతులు, ఎత్తు, నడక, అన్నీ వాహకుడివే మిగులుతాయి. మాయాబజార్ చూసిన తెలుగువారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. శశిరేఖ రూపం దాల్చిన ఘటోత్కచుడి ముఖంలో లోపం ఏమీ లేదు, తెరమీద రెండు పాత్రలకూ ముఖం సావిత్రిదే. తేడా అంతా నడకలో, కూర్చునే తీరులో, చేతుల విసురులో ఉన్నది.

ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణను పట్టి చూద్దాం. 2023 నవంబరు మొదటి వారంలో నటి రష్మిక మందన్న నల్లని దుస్తులతో లిఫ్టులోకి అడుగు పెడుతున్నట్లున్న చిన్న వీడియో దేశమంతా వ్యాపించింది. ముఖం స్పష్టంగా ఆమెదే. కాని లిఫ్టులోకి వచ్చినది ఆమె కాదు. అసలు వీడియో భారతీయ సంతతికి చెందిన ఒక బ్రిటిష్ యువతిది. ఆ ముందు నెలలోనే ఆమె దానిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఒకరి ముఖాన్ని అనుమతి లేకుండా వాడుకున్నారు, మరొకరి శరీరాన్ని అనుమతి లేకుండా వాడుకున్నారు. ఈ రెండవ అన్యాయం గురించి మాట్లాడినవారు తక్కువ. నవంబరు 6న రష్మిక తన బాధను బహిరంగంగా వెల్లడించింది. ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేసి, 2024 జనవరిలో నిందితుడిని అరెస్టు చేశారు. అతడు ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు ప్రాంతపు యువకుడు, ఇంజనీరింగు చదివినవాడు. రష్మిక పేరిట నడుపుతున్న అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకోవటానికే ఈ పని చేశాడని పోలీసులు చెప్పారు. ద్వేషం కాదు, అభిమానమే కారణమట! అభిమానానికి ఇటువంటి రూపం కూడా ఉంటుందని సినిమావారు ఊహించి ఉండరు.

ఆ వీడియోలో పట్టు దొరికినది ఎక్కడ? మొదటి క్షణంలోనే. ఆ యువతి లిఫ్టులోకి వస్తుండగా ఆమె ముఖం ఇంకా పూర్తిగా కెమెరాకు ఎదురుగా లేదు. ముఖమార్పిడి యంత్రం ముందు ఫ్రేములో ముఖాన్ని కనిపెట్టాలి, కళ్ళు, ముక్కు, నోటి కొసలు ఎక్కడ ఉన్నవో గుర్తులు పెట్టుకోవాలి, ఆ తరువాతే కొత్త ముఖాన్ని అతుకుతుంది. ముఖం సగం దాగినప్పుడు గుర్తులు అందవు. గుర్తులు అందని ఫ్రేములో అసలు ముఖం అట్లాగే మిగిలిపోతుంది. వీడియోను నిదానంగా నడిపించి చూసినవారికి ఒక యువతి ముఖం చప్పున రష్మిక ముఖంగా మారటం కనిపించింది. ఫోన్‌లో మామూలు వేగంతో చూసిన లక్షల మందికి అది కనిపించలేదు. వారు చూసినది వీడియో ఆరంభం కాదు, తమకు తెలిసిన ముఖం.

కాని కేసును ముగించినది ఆ తొట్రుపాటు కాదు. అసలు వీడియో దొరకటం ముగించింది. ముఖం మారే క్షణం అనుమానాన్ని పుట్టిస్తుంది. రెండు వీడియోలను పక్కపక్కన పెట్టి, దుస్తులు, లిఫ్టు, అడుగు వేసిన తీరు, చేతి కదలిక అన్నీ ఒక్కటేనని, ముఖం ఒక్కటే వేరని చూపినప్పుడు అనుమానం నిశ్చయంగా మారుతుంది. ఇటువంటి అన్వేషణకు ఎవరైనా అనుసరించదగిన పద్ధతి ఉన్నది. వీడియోలో స్పష్టంగా ఉన్న ఒక ఫ్రేమును బొమ్మగా దాచుకోవాలి. ముఖాన్ని కత్తిరించివేసి, దుస్తులు, గది, వెనుక ఉన్న వస్తువులు మాత్రం మిగిలే భాగాన్ని గూగుల్ లెన్స్ లేదా టిన్‌ఐ వంటి బొమ్మల వెదుకులాటకు ఇవ్వాలి. ముఖంతో సహా ఇస్తే ఆ ప్రసిద్ధ వ్యక్తి బొమ్మలే కుప్పలుగా వచ్చి పడతాయి, అసలు బొమ్మ వాటి అడుగున మునిగిపోతుంది. ఫలితం రాకపోతే బొమ్మను అద్దంలో చూసినట్లు ఎడమను కుడిగా తిప్పి మళ్ళీ వెదకాలి. ఆచూకీ దొరకకుండా తిప్పి పెట్టటం పాత ఎత్తు. ఇంతా చేసి ఏమీ దొరకకపోతే బొమ్మ నిజమైనదని అర్థం కాదు. దొరకలేదని మాత్రమే అర్థం.

ఇప్పుడు తిరిగి యాంగాన్ మాజీ ముఖ్యమంత్రి వీడియోకు వద్దాం. అక్కడ జనం పట్టుకున్న గుర్తులు మూడు: నోటి చుట్టూ మసక, పెదవులకూ మాటకూ పొత్తు లేకపోవటం, బిగుసుకున్న ముఖం. ఈ మూడూ ముఖమార్పిడి వీడియోలలో కనిపించే మాట వాస్తవమే. విరివిగా వాడుకలోకి వచ్చిన ఒక మార్పిడి మోడల్ 128 పిక్సెళ్ళ వెడల్పు, 128 పిక్సెళ్ళ ఎత్తు గల చదరంలోనే ముఖాన్ని గీస్తుంది. తెరమీద ముఖం 400 పిక్సెళ్ళ వెడల్పు ఉంటే ఆ చిన్న చదరాన్ని మూడింతలు సాగదీయవలసి వస్తుంది. పళ్ళు ఒకదానికొకటి కలిసిపోతాయి, చర్మం మీది రంధ్రాలు మాయమవుతాయి. కనుక మసక ఒక గుర్తే.

అయితే ఆ మసకకు ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. వీడియోను పంపటానికి, దాచటానికి వీలుగా కుదిస్తారు. కుదించే విధానం ఫ్రేమును చిన్నచిన్న గళ్ళుగా విడదీస్తుంది. ముందరి ఫ్రేముకూ ఇప్పటి ఫ్రేముకూ పెద్ద తేడా లేని గడిని తిరిగి గీయక పాతదానినే వాడుకుంటుంది. మాట్లాడే మనిషి బొమ్మలో గోడ కదలదు, భుజాలు అంతగా కదలవు. పెదవుల చివర, బుగ్గలలో వచ్చే సన్నని కదలికలను ఈ విధానం "పెద్ద తేడా కాదు" అని వదిలివేస్తుంది. ముఖం కొయ్యబొమ్మలా బిగుసుకున్నట్లు కనిపిస్తుంది. ధ్వనిని, బొమ్మను వేరువేరుగా కుదిస్తారు. కలిపేటప్పుడు కాస్త అటు ఇటు అయితే పెదవులు మాటకు వెనుకబడతాయి. టెలివిజన్ ప్రసారం నుంచి తీసిన నకలును ఒకరు ఎక్కించగా, దానిని ఇంకొకరు దించి మళ్ళీ ఎక్కించగా, ప్రతిసారీ ఈ కుదింపు జరుగుతూనే ఉంటుంది. నిజమైన ముఖం కూడా నాలుగు చేతులు మారేసరికి నకిలీ ముఖపు లక్షణాలన్నీ తెచ్చుకుంటుంది. గొంతు మారటానికైతే మామూలు కారణాలు ఎన్నో: భయం, అనారోగ్యం, ఎవరో రాసిచ్చినది అప్పగించటం.

మరి 90 శాతం మాట? ఆ పరీక్ష యంత్రం ఎట్లా తయారైనదో తలచుకుంటే సంగతి తేటపడుతుంది. కొన్ని నిజమైన వీడియోలు, కొన్ని నకిలీ వీడియోలు చూపి దానికి తేడా నేర్పుతారు. దానికి చూపిన వీడియోలలో ఎక్కువగా స్పష్టమైన బొమ్మలు ఉంటే, పలుమార్లు కుదించిన బొమ్మలోని గళ్ళను చూసి అది నకిలీ గుర్తులని పొరబడుతుంది. 90 అనేది ఆ యంత్రం లోపలి నమ్మకం. తాను నేర్చిన నకిలీలను ఇది ఎంతగా పోలి ఉన్నదనే కొలత. ఈ వీడియో నకిలీ కావటానికి నూటికి తొంభై పాళ్ళు అవకాశం ఉన్నదని దాని అర్థం కాదు.

ఒక ఊహాత్మకమైన లెక్క వేసి చూడవచ్చు. వెయ్యి వీడియోలలో 10 మాత్రమే నకిలీవి అనుకుందాం. పరీక్ష యంత్రం మంచిదే: పది నకిలీలలో తొమ్మిదింటిని పట్టుకుంటుంది, నూరు నిజమైనవాటిలో ఐదింటిని మాత్రమే పొరబడి నకిలీ అంటుంది. మిగిలిన 990 నిజమైన వీడియోలలో ఐదు శాతం అంటే దాదాపు 50. యంత్రం గంట మోగించిన వీడియోలు మొత్తం 59, వాటిలో నిజంగా నకిలీవి 9. ఆరుసార్లు గంట మోగితే ఐదుసార్లు అది తప్పుడు గంటే. అనుమానం కలిగిన వీడియోను మాత్రమే పరీక్షకు పెట్టే చోట ఈ లెక్క కొంత మారుతుంది, నిజమే. కాని ఒక అంకెను చూసి ఒక మనిషి ముఖం మీద తీర్పు చెప్పకూడదనటానికి ఇంతకంటె సులభమైన ఉదాహరణ లేదు.

వీడియో సాక్ష్యాల మీద పనిచేసే విట్‌నెస్ అనే సంస్థకు చెందిన శామ్ గ్రెగరీ ఈ వ్యవహారంలో నిపుణులను సంప్రదించి, తరువాత దానిని గురించి రాశాడు. ఇది యంత్రం అల్లిన ముఖమని చెప్పటానికి ఆధారం లేదని, నిర్బంధంలో చెప్పించిన మాటలు అయి ఉండటమే ఎక్కువ సంభవమని ఆయన అభిప్రాయం. ఆయన బాధ మరొకటి: ఆ సమయంలో మయన్మార్ ప్రజలకు గాని, పత్రికల వారికి గాని నమ్మదగిన పరీక్ష చేసిపెట్టే నిపుణులు అందుబాటులో లేరు. దొరికినది ఒక ఉచిత వెబ్‌సైటు, అది ఇచ్చిన అంకె.

2021 అక్టోబరులో ఆ మాజీ ముఖ్యమంత్రి సూచీ మీది కేసులో సాక్షిగా కోర్టుకు వచ్చి, డబ్బు, బంగారం ఇచ్చానని మళ్ళీ చెప్పినట్లు వార్తలు వచ్చినవి. ఆ విచారణలోకి ప్రజలను, పత్రికల వారిని రానివ్వలేదు. సూచీ ఆ ఆరోపణను తిరస్కరించింది. 2022 ఏప్రిల్ 27న కోర్టు ఆమెకు ఐదేళ్ళ శిక్ష విధించింది. కనుక మార్చి నాటి వీడియోలోని ముఖం ఆయనదే అయి ఉండాలి. ఇంతమాత్రాన ఆ మాటలు నిజమైనట్లు కాదు, స్వేచ్ఛగా పలికినవీ కావు. ముఖం ఎవరిదన్నది ఒక ప్రశ్న, మాట ఎవరిదన్నది మరొక ప్రశ్న. యాంగాన్ ప్రజలు రెండవ ప్రశ్నకు సరైన జవాబునే మనస్సులో పెట్టుకుని, దానిని మొదటి ప్రశ్న మీద రాశారు. డీప్‌ఫేక్ కాదని తేలిన నాడు లాభపడేది ఎవరు? "చూశారా, వీడియో నిజమే" అని చెప్పుకోగలిగిన సైన్యమే.

ముఖాన్ని ముట్టకుండా పేరును మాత్రం మార్చే పద్ధతి ఇంతకంటె పాతది, అది కూడా ఆ నగరంలోనే బయటపడింది. 2018లో మయన్మార్ సైన్యపు విభాగం ప్రచురించిన ఒక పుస్తకం యాంగాన్ పుస్తకాల దుకాణాలలో అమ్మకానికి వచ్చింది. రోహింగ్యాల చరిత్రకు సాక్ష్యమంటూ అందులో వేసిన ఛాయాచిత్రాలను రాయిటర్స్ విలేఖరులు బొమ్మల వెదుకులాటతో పరిశీలించారు. బయటినుంచి దేశంలోకి చొరబడుతున్న జనమని రాసిన బొమ్మ నిజానికి 1996లో ఆఫ్రికాలో రువాండా కాందిశీకులు టాంజానియాలో నడుస్తుండగా తీసిన రంగుల ఛాయాచిత్రం. పిట్స్‌బర్గ్ పత్రిక ఛాయాగ్రాహకురాలు మార్తా రియల్ తీసిన ఆ చిత్రాలకు పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. దాని రంగు తీసివేసి నలుపు తెలుపులలోకి మార్చటంతో అది పాతకాలపు బర్మా అయిపోయింది. మరొక బొమ్మ 1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధకాలపు శవాలది. మూడవది పడవలో దేశం విడిచి పోతున్నవారిది. దానిని తిప్పి, మసకబరచి, దేశంలోకి వస్తున్నవారని రాశారు. ఆ తరువాత సెప్టెంబరులో సైన్యపు పత్రిక రెండు బొమ్మల విషయంలో క్షమాపణ ప్రకటించింది. ఈ బొమ్మలను ఏ పరీక్ష యంత్రంలో పెట్టినా "ముఖాలు నిజమైనవి" అనే జవాబే వచ్చేది. అవి నిజమైన ముఖాలే, కాకపోతే ఆ పేరుగల మనుషులవి కావు.

ఇవన్నీ రాజకీయాలు, సినిమాలు కదా, మన ఇంటికేమని అనుకునే వీలు లేకుండా చేసిన సంఘటన 2023 జూలైలో కేరళలోని కోళికోడ్‌లో జరిగింది. పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగికి వాట్సాప్‌లో పిలుపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే తన పాత సహోద్యోగిని అని అవతలి మనిషి చెప్పుకున్నాడు. తాను దుబాయి విమానాశ్రయంలో ఉన్నానని, బంధువుకు ముంబయిలో అత్యవసరంగా శస్త్రచికిత్స జరగాలని, 40,000 రూపాయలు పంపమని అడిగాడు. పెద్దాయన జాగ్రత్తపరుడు, వీడియోలో కనిపించమన్నాడు. అవతలివాడు కనిపించాడు. తెర నిండా ముఖమే, ఆ స్నేహితుడి ముఖమే. అది అర నిమిషం కూడా సాగలేదు. ఆయన డబ్బు పంపాడు.

ఆ కొద్దిపాటి వ్యవధిలో మోసగాడు చేసిన ఏర్పాటు గమనించదగినది. తెరమీద ముఖం తప్ప మెడ, చేతులు, గది కనిపించనివ్వలేదు. అంటే యంత్రం ముట్టలేని చోట్లన్నిటినీ చిత్రం అంచుకు అవతల ఉంచాడు. పెద్దాయన అడిగిన రుజువు ముఖం, మోసగాడి దగ్గర సిద్ధంగా ఉన్నదీ ముఖమే. అటువంటి పిలుపు వచ్చినప్పుడు తలను పూర్తిగా పక్కకు తిప్పమనవచ్చు, ముఖానికి అడ్డంగా అరచేతిని మెల్లగా కదపమనవచ్చు. ప్రక్కవాటు ముఖంలో ఒక కన్ను దాగిపోయి గుర్తులు తప్పుతాయి. వేళ్ళ మధ్య నుంచి కనిపించే ముఖాన్ని అతకటం యంత్రానికి కష్టం, వేళ్ళు కరిగిపోయినట్లు కనిపిస్తాయి. కాని కొత్త యంత్రాలు ఈ పరీక్షలలో కొన్నిటిని గట్టెక్కుతున్నవి. తప్పితే నకిలీ అని తేలుతుంది. నెగ్గితే నిజమైన మనిషి అని తేలదు.

కోళికోడ్ పెద్దాయనకు అనుమానం వచ్చినది ముఖం చూసి కాదు. అదే మనిషి కాసేపటికి మరో 35,000 రూపాయలు అడిగాడు. అప్పుడు ఆయన తన దగ్గర ముందునుంచీ ఉన్న స్నేహితుడి పాత నంబరు వెదికి, ఆ నంబరుకు తానే ఫోన్ చేశాడు. ఎత్తిన స్నేహితుడు తాను ఎవరినీ డబ్బు అడగలేదన్నాడు. ఆయన వెంటనే ఫిర్యాదు చేయటంతో పోలీసులు ఆ సొమ్ము చేరిన బ్యాంకు ఖాతా జాడ తీసి, దానిని స్తంభింపజేయగలిగారు.